కోసిన ముక్క ఎందుకు నల్లబడుతుంది?

పండ్లు, కూరగాయలు కోసినప్పుడు, చెక్కు తీసినప్పుడు, దెబ్బ తగిలినప్పుడు గాలి సోకిన చోట గోధుమ రంగు, ఆ తర్వాత నలుపు ఏర్పడటాన్ని ఎంజైమాటిక్ బ్రౌనింగ్ అంటారు. ఆపిల్, అరటికాయ, వంకాయ, బంగాళాదుంప, పుట్టగొడుగు, సపోటా వంటి వాటిలో ఇది కొద్ది నిమిషాల్లోనే కనబడుతుంది. నిమ్మ, కమలా, పుచ్చకాయ ముక్కల్లో దాదాపు కనబడదు. రంగు మారిన ముక్క విషం కాదు, చెడిపోయిందని చెప్పడానికీ వీల్లేదు. కానీ కొనేవారు దాన్ని పక్కన పెడతారు, రుచి కొంత వగరుగా మారుతుంది, విటమిన్ సి తగ్గుతుంది. అందుకే ఆహార శుద్ధి పరిశ్రమలో దీని నియంత్రణ రోజువారీ పని. గేట్ ఆహార సాంకేతిక ప్రశ్నపత్రంలోనూ, వ్యవసాయ, ఉద్యాన, ఆహార శాస్త్ర కోర్సుల పరీక్షల్లోనూ ఇది పాత ప్రశ్నే. నియంత్రణ పద్ధతులు చాలానే ఉన్నాయి. అయితే వాటన్నిటినీ ఒకే ప్రశ్నతో వరసలో పెట్టవచ్చు: ఈ పద్ధతి చర్యలోని ఏ భాగాన్ని అడ్డుకుంటోంది?

ముగ్గురు కలిస్తేనే చర్య

రంగు మారడానికి మూడు కావాలి. ఒకటి, పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్. దీన్ని పొట్టిగా పీపీఓ అంటారు. రెండు, ఆ ఎంజైమ్ పని చేయడానికి కావలసిన ఫినాల్ పదార్థాలు. మూడు, గాలిలోని ఆక్సిజన్. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా రంగు మారదు.

కోయని పండులో ఎంజైమ్, ఫినాల్ రెండూ ఉంటాయి. అయినా లోపలి కండ తెల్లగానే ఉంటుంది. కారణం, అవి ఒకే కణంలో ఉన్నా వేర్వేరు గదుల్లో ఉండటం. పీపీఓ ఎక్కువగా ప్లాస్టిడ్లలో ఉంటుంది. ఫినాల్ పదార్థాలు కణం మధ్యలోని రిక్తికలో నిలవ ఉంటాయి. వీటి మధ్య పలుచటి పొరలు అడ్డుగా ఉంటాయి. కత్తి పడగానే ఆ పొరలు తెగి, రెండు రసాలూ కలిసిపోతాయి. అదే క్షణంలో బయటి ఆక్సిజన్ కూడా లోపలికి వస్తుంది. మొద్దు కత్తితో కోసిన ముక్క పదునైన కత్తితో కోసిన దానికంటే తొందరగా నల్లబడటానికి కారణం ఇదే. మొద్దు అంచు కణాలను కోయడంతో పాటు చుట్టుపక్కల వాటిని నలిపేస్తుంది.

పీపీఓ రాగి ఉన్న ఎంజైమ్. చర్య జరిగే చోట రెండు రాగి పరమాణువులు పక్కపక్కన ఉంటాయి. ఆక్సిజన్ వచ్చి పట్టుకునేది వాటినే. పుట్టగొడుగుల్లో రంగు మారడానికి ఎంజైమే కారణమని ఫ్రాన్స్‌లో బూర్కెలో, బెర్ట్రాండ్ 1895లో గుర్తించారు. బంగాళాదుంప ఎంజైమ్‌లో రాగి ఉందని కూబోవిట్జ్ 1937లో చూపించాడు. నియంత్రణ పద్ధతుల్లో ఈ రాగికి ప్రత్యేక స్థానం ఉంది. రాగిని లాగేసినా, కట్టేసినా ఎంజైమ్ పని చేయదు.

చర్య రెండు మెట్లలో సాగుతుంది. ఒకే హైడ్రాక్సిల్ సమూహం ఉన్న మోనోఫినాల్‌కు రెండోది చేర్చి డైఫినాల్‌గా మార్చడం మొదటి మెట్టు. దీన్ని క్రెసోలేజ్ చర్య అంటారు. ఇది నెమ్మదిగా సాగుతుంది. డైఫినాల్‌ను ఆక్సీకరించి క్వినోన్‌గా మార్చడం రెండో మెట్టు. ఇది కాటెకోలేజ్ చర్య, చాలా వేగంగా జరుగుతుంది. ఎంజైమ్ పని ఇక్కడితో సరి. ఆ తర్వాత క్వినోన్లు తమంతట తామే ఒకదానితో ఒకటి, అమైనో ఆమ్లాలతో, ప్రొటీన్లతో కలిసి పెద్ద అణువులుగా అల్లుకుంటాయి. కంటికి కనబడే గోధుమ, నలుపు రంగులు ఈ మెలనిన్ జాతి పదార్థాలవే. క్వినోన్ వరకు ఎంజైమ్ పని, ఆ తర్వాత ఎంజైమ్‌తో సంబంధం లేదు అన్న ఈ విభజనను గుర్తుంచుకోవాలి. ఎంజైమ్‌ను అసలు ముట్టుకోకుండా క్వినోన్ దగ్గర చర్యను ఆపే పద్ధతులు కూడా ఉన్నాయి.

ఏ పంటలో ఏ ఫినాల్ ఉంటుందనేది రంగును నిర్ణయిస్తుంది. ఆపిల్‌లో, వంకాయలో ముఖ్యమైనది క్లోరోజెనిక్ ఆమ్లం. ఆపిల్‌లో దానికి కాటెకిన్లు తోడవుతాయి. అరటిలో డోపమైన్, పుట్టగొడుగులో, బంగాళాదుంపలో టైరోసిన్ ముఖ్యం. టైరోసిన్ మోనోఫినాల్. అది ముందు డోపాగా మారి, ఆపై ఎర్రటి డోపాక్రోమ్ మీదుగా మెలనిన్ అవుతుంది. కోసిన బంగాళాదుంప ముందు గులాబీ ఛాయకు తిరిగి, ఆ తర్వాత గోధుమగా, చివరకు నల్లగా మారేది ఇందుకే. కమలా, నిమ్మ వంటి వాటిలో పీపీఓ చర్య తక్కువ, ఆమ్లం, విటమిన్ సి ఎక్కువ. అందుకే అవి రంగు మారవు.

వేడి: ఎంజైమ్‌నే చంపడం

నియంత్రణలో అత్యంత నమ్మకమైనది వేడి. ఎంజైమ్ ప్రొటీన్ కనుక వేడికి దాని ఆకృతి విరిగిపోతుంది, తిరిగి రాదు. పీపీఓ సాధారణంగా 70 నుంచి 90 డిగ్రీల సెల్సియస్ మధ్య పని కోల్పోతుంది. ఎంత సేపు ఉంచాలనేది పంటను బట్టి, ముక్క మందాన్ని బట్టి మారుతుంది. ముక్కలను కొద్ది నిమిషాలు మరిగే నీటిలోనో, ఆవిరిలోనో ఉంచి, వెంటనే చల్లార్చే ఈ పనిని బ్లాంచింగ్ అంటారు. గడ్డకట్టించే ముందు, ఎండబెట్టే ముందు, డబ్బాల్లో నింపే ముందు కూరగాయలకు ఇది చేస్తారు.

బ్లాంచింగ్‌లో అసలు ప్రమాదం చాలీ చాలని వేడి. 40, 50 డిగ్రీల వద్ద కణాల పొరలు దెబ్బతింటాయి, ఎంజైమ్ మాత్రం చావదు. ఫినాల్, ఎంజైమ్ ముక్క అంతటా కలిసిపోయి, బ్లాంచింగ్ చేయని ముక్క కంటే ఎక్కువగా రంగు మారుతుంది. ముక్క మధ్యభాగం వరకు వేడి చేరిందా లేదా అన్నదే కీలకం.

వేడి సరిపోయిందో లేదో తేల్చడానికి పరీక్ష ఉంది. ఇక్కడ వాడే సూచిక పీపీఓ కాదు, పెరాక్సిడేజ్ అనే మరో ఎంజైమ్. కూరగాయల్లోని ఎంజైములలో వేడిని బాగా తట్టుకునేవాటిలో అది ఒకటి. అదే పని కోల్పోయిందంటే అంతకంటే బలహీనమైన పీపీఓ కూడా పోయినట్టే. బ్లాంచ్ చేసిన ముక్కను కోసి, కోతపై గ్వాయకాల్ ద్రావణం ఒక శాతం, హైడ్రోజన్ పెరాక్సైడ్ సుమారు 0.3 శాతం గాఢతలో కొద్దికొద్దిగా వేస్తారు. మూడు నిమిషాల్లో ఇటుక రంగు వస్తే బ్లాంచింగ్ చాలలేదు. రంగు రాకపోతే చాలినట్టే. దీన్ని తిప్పి చదవకూడదు. పెరాక్సిడేజ్ మిగిలి ఉందంటే పీపీఓ కూడా మిగిలి ఉందని అర్థం కాదు. పీపీఓ గురించి నేరుగా తెలుసుకోవాలంటే కోతపై కాటెకాల్ ద్రావణం వేసి రంగు మారుతుందేమో చూడాలి.

వేడికి పరిమితి కూడా ఉంది. ముక్క మెత్తబడుతుంది, పచ్చి రుచి పోతుంది, నీటిలో కరిగే విటమిన్లు కారిపోతాయి. సలాడ్‌లోకి, పచ్చిగా తినే పండు ముక్కల్లోకి వేడి పనికిరాదు. మిగతా పద్ధతుల అవసరం అక్కడే మొదలవుతుంది.

ఆమ్లం: ఎంజైమ్‌కు గిట్టని వాతావరణం

పీపీఓ ఎక్కువ పంటల్లో పీహెచ్ 5 నుంచి 7 మధ్య చురుకుగా పనిచేస్తుంది. పీహెచ్ 4 కంటే కిందికి దిగితే మందగిస్తుంది, 3 కంటే తగ్గితే దాదాపు ఆగిపోతుంది. ఆమ్లం వాడే పద్ధతుల ఆధారం ఇదే. సిట్రిక్, మాలిక్ ఆమ్లాలు, నిమ్మరసం ఈ కోవలోకి వస్తాయి. అరటికాయ ముక్కలు, అరటి పువ్వు తరిగి మజ్జిగ నీళ్ళలో వేసే తెలుగింటి పద్ధతి కూడా ఇదే సూత్రం. మజ్జిగలోని లాక్టిక్ ఆమ్లం పీహెచ్‌ను తగ్గిస్తుంది, నీరు గాలిని దూరంగా ఉంచుతుంది.

సిట్రిక్ ఆమ్లం రెండు విధాల పనిచేస్తుంది. పీహెచ్‌ను తగ్గించడం ఒకటి, ఎంజైమ్‌లోని రాగిని పట్టుకుని బంధించడం రెండోది. ఇలా లోహాన్ని బంధించే పదార్థాలను కీలేట్ కారకాలంటారు. ఈడీటీఏ కూడా ఈ వర్గానిదే. సిట్రిక్ ఆమ్లం సాధారణంగా 0.5 నుంచి 2 శాతం ద్రావణంగా వాడతారు. ఇంతకు మించితే పుల్లదనం నాలుకకు తెలిసిపోతుంది. మరో పరిమితి, ఆమ్లం కడిగేస్తే, లేదా ముక్కలోని రసంతో పలచబడితే పీహెచ్ తిరిగి పెరుగుతుంది. ఎంజైమ్ పూర్తిగా చెడలేదు కనుక చర్య మళ్ళీ మొదలవుతుంది.

విటమిన్ సి: క్వినోన్‌ను వెనక్కి తిప్పడం

ఆస్కార్బిక్ ఆమ్లం, అంటే విటమిన్ సి, పని తీరు వేరు. ఎంజైమ్ తయారు చేసిన క్వినోన్‌ను అది తిరిగి డైఫినాల్‌గా మారుస్తుంది. రంగు పదార్థాలు అల్లుకునే అవకాశమే రాదు. ఈ క్రమంలో ఆస్కార్బిక్ ఆమ్లం తనే ఆక్సీకరణ చెంది ఖర్చయిపోతుంది. అది ఉన్నంత సేపూ ముక్క తెల్లగా ఉంటుంది, అయిపోగానే రంగు మారడం మొదలవుతుంది. కాబట్టి ఇది ఎంజైమ్‌ను ఆపడం కాదు, ఆలస్యం చేయడం. ఎంత సేపు ఆలస్యం అవుతుందన్నది ఎంత వేశామన్న దానిపై ఆధారపడుతుంది.

ఆస్కార్బిక్ ఆమ్లం, సిట్రిక్ ఆమ్లం కలిపి వాడితే ఒక్కొక్కటిగా వాడిన దానికంటే మంచి ఫలితం వస్తుంది. ఒకటి ఎంజైమ్ వేగాన్ని తగ్గిస్తే, రెండోది తయారైన కొద్దిపాటి క్వినోన్‌ను శుభ్రం చేస్తుంది. నిమ్మరసంలో ఈ రెండూ సహజంగానే ఉండటం వల్ల పండ్ల ముక్కలపై పిండితే ఫలితం బాగుంటుంది. సిస్టీన్ అనే అమైనో ఆమ్లం మరో దారిలో వెళుతుంది. అది క్వినోన్‌తో కలిసి రంగులేని పదార్థమవుతుంది. అయితే దాని గంధకపు వాసన వాడకాన్ని పరిమితం చేస్తుంది.

సల్ఫైటులు: బలమైన మందు, కఠిన నిబంధనలు

పొటాషియం మెటాబైసల్ఫైట్ వంటి సల్ఫైటులు చాలా కాలంగా వాడుకలో ఉన్నాయి. సల్ఫర్ డయాక్సైడ్‌ను విడుదల చేసి ఇవి మూడు పనులు చేస్తాయి. ఎంజైమ్‌ను నిరోధిస్తాయి, క్వినోన్‌ను వెనక్కి తిప్పుతాయి, మిగిలిన క్వినోన్‌తో కలిసి రంగులేని పదార్థాన్ని ఏర్పరుస్తాయి. పైగా ఎంజైమ్ లేని బ్రౌనింగ్‌ను కూడా కొంత అడ్డుకుంటాయి, సూక్ష్మజీవులను అణచుతాయి. ఎండబెట్టిన పండ్లు, బంగాళాదుంప ముక్కల్లో వీటికి సాటి వచ్చే పదార్థం దొరకడం కష్టం.

వీటితో ఇబ్బంది ఆస్తమా ఉన్నవారికి. కొందరిలో సల్ఫైట్ తీవ్ర శ్వాస సమస్య తెస్తుంది. సలాడ్ బార్లలో సల్ఫైట్ వాడకంతో మరణాలు ముడిపడినట్టు తేలాక, అమెరికా ఆహార ఔషధ సంస్థ 1986లో పచ్చిగా తినే పండ్లు, కూరగాయలపై సల్ఫైటులను నిషేధించింది. భారతదేశంలో ఒక్కో ఆహార రకానికి గరిష్ఠ పరిమితి వేరుగా ఉంటుంది. కిలోకు 10 మిల్లీగ్రాములు, అంతకు మించి సల్ఫైట్ ఉంటే లేబుల్‌పై అలర్జీ కారకంగా చెప్పాలి. మరో లోపం, సల్ఫైట్ థయామిన్‌ను, అంటే విటమిన్ బి1ను నాశనం చేస్తుంది.

ఆక్సిజన్‌ను దూరం పెట్టడం

కోసిన ముక్కను నీటిలో వేయడం అత్యంత సులువైన దారి. నీటిలో కరిగే ఆక్సిజన్ గాలిలో కంటే చాలా తక్కువ కనుక చర్య నెమ్మదిస్తుంది. నీటిలో 1 నుంచి 2 శాతం ఉప్పు కలిపితే క్లోరైడ్ అయాన్లు కూడా ఎంజైమ్‌ను కొంత అణచుతాయి. వంకాయ తరిగి ఉప్పు నీళ్ళలో వేయడం వెనుక ఉన్నది ఇదే. పండ్ల ముక్కలను పంచదార పాకంలో ముంచినా ముక్క ఉపరితలం కప్పుకుపోయి గాలి తగలదు. నీటిలోంచి తీయగానే గాలి తగులుతుంది కనుక ఇది తాత్కాలికం. వంట మొదలయ్యే దాకా ఆపడానికి చాలు, దుకాణం అరపై పెట్టడానికి చాలదు.

పరిశ్రమలో వాక్యూమ్ ప్యాకింగ్, సవరించిన వాతావరణ ప్యాకింగ్ వాడతారు. రెండోదానిలో సంచిలోని ఆక్సిజన్‌ను 2 నుంచి 5 శాతానికి తగ్గించి, కార్బన్ డయాక్సైడ్‌ను పెంచుతారు. ఆక్సిజన్‌ను పూర్తిగా తీసేస్తే బాగుంటుందని అనిపిస్తుంది కానీ, కోసిన ముక్క ఇంకా శ్వాసిస్తూనే ఉంటుంది. ఒక శాతం కంటే తగ్గితే అది ఆక్సిజన్ లేని శ్వాసక్రియకు మారి, పులిసిన వాసన వస్తుంది. అంతకంటే ప్రమాదం, గాలి లేని చోట పెరిగే క్లాస్ట్రిడియం బొట్యులినమ్. వాక్యూమ్‌లో ప్యాక్ చేసిన చెక్కు తీసిన బంగాళాదుంపల్ని చల్లగా ఉంచకపోతే అది విషం తయారు చేసే వీలుంది. రంగు మారకపోవడమే సురక్షితానికి గుర్తు కాదన్నది ఇక్కడ తెలుసుకోవాలి.

చలి కూడా సహాయకారే. ఉష్ణోగ్రత తగ్గితే ఎంజైమ్ నెమ్మదిస్తుంది, చావదు. గడ్డకట్టినప్పుడు ఏర్పడే మంచు స్ఫటికాలు కణాల పొరలను చీల్చుతాయి. అందుకే బ్లాంచ్ చేయకుండా గడ్డకట్టించిన ముక్క కరిగించగానే వేగంగా నల్లబడుతుంది. అరటిపండును ఫ్రిజ్‌లో పెడితే తొక్క నల్లబడటం కూడా ఇలాంటిదే. 13 డిగ్రీల కంటే తక్కువ చలిలో దాని కణాల పొరలు దెబ్బతిని, కత్తి తగలకపోయినా ఎంజైమ్, ఫినాల్ కలుస్తాయి.

మరో దారి మూలంలోనే ఎంజైమ్‌ను తగ్గించడం. ఫినాల్, పీపీఓ తక్కువగా ఉన్న రకాలను ఎంచుకోవడం పాత పద్ధతి. కెనడాకు చెందిన ఒకానగన్ స్పెషాలిటీ ఫ్రూట్స్ పీపీఓ జన్యువులను అణచి ‘ఆర్కిటిక్’ ఆపిల్‌ను రూపొందించింది. దాని సాగుకు అమెరికాలో 2015లో అనుమతి వచ్చింది.

పది కిలోల బంగాళాదుంప ముక్కలు

పద్ధతులు ఒకదానితో ఒకటి ఎలా కలుస్తాయో ఒక ఉదాహరణ చూపుతుంది. ఎండబెట్టి నిలవ చేయడానికి 3 మిల్లీమీటర్ల మందం ముక్కలు పది కిలోలు తయారు చేయాలనుకుందాం.

దుంపలు కడిగి చెక్కు తీయగానే 1 నుంచి 2 శాతం ఉప్పు నీటిలో వేయాలి. ముక్కలు కోశాక మళ్ళీ కడగాలి. తెగిన కణాల నుంచి కారిన రసం, పిండి ముక్క మీద మిగిలితే అక్కడే రంగు మొదలవుతుంది. ఇక్కడి దాకా పని చేస్తున్నది ఆక్సిజన్‌ను దూరం పెట్టడమే. ఇనుప, రాగి పాత్రలు కాక స్టీలు పాత్రలు వాడాలి.

తర్వాతది బ్లాంచింగ్. పది కిలోలూ ఒకేసారి ఒక పాత్రలో వేయడం ఇక్కడ సాధారణంగా జరిగే తప్పు. మరిగే నీరు అయిదు లీటర్లలో 30 డిగ్రీల వద్ద ఉన్న కిలో ముక్కలు వేస్తే, రెండూ కలిసే ఉష్ణోగ్రత దాదాపు 90 డిగ్రీలకు దిగుతుంది. మంట ఎక్కువగా ఉంటే అక్కడి నుంచి తొందరగా పైకి వస్తుంది. అదే లీటరు నీటిలో కిలో ముక్కలు వేస్తే దాదాపు 68 డిగ్రీలకు పడిపోతుంది. ఆ వేడికి కణాలు విరుగుతాయి, ఎంజైమ్ మిగులుతుంది. కాబట్టి కిలో చొప్పున పది సార్లుగా వేయాలి. మూడు నిమిషాల దగ్గర ఒక ముక్క తీసి, మధ్యలో కోసి, గ్వాయకాల్ పరీక్ష చేయాలి. రంగు వస్తే సమయం కొద్దిగా పెంచాలి. సరిపోయిందని తేలాక వెంటనే చన్నీటిలో ముంచి చల్లార్చాలి. అలా చేయకపోతే ముక్క తన వేడికి తనే ఉడికి మెత్తబడుతుంది.

ఆ తర్వాత సల్ఫైట్ ద్రావణం. పది లీటర్ల ద్రావణంలో సల్ఫర్ డయాక్సైడ్ 1000 పీపీఎం ఉండాలంటే ఎంత పొటాషియం మెటాబైసల్ఫైట్ కావాలి? పీపీఎం అంటే లీటరుకు మిల్లీగ్రాములు కనుక, పది లీటర్లకు 10 గ్రాముల సల్ఫర్ డయాక్సైడ్ కావాలి. ఈ లవణం అణుభారం 222, దాని నుంచి రెండు సల్ఫర్ డయాక్సైడ్ అణువులు వస్తాయి, వాటి భారం 128. అంటే సిద్ధాంతరీత్యా 57.6 శాతం. పదిని 0.576తో భాగిస్తే 17.4 గ్రాములు. నిలవలో కొంత వాయువు పోతుంది కనుక ఆచరణలో సగమే వస్తుందని లెక్కేసి 20 గ్రాములు తీసుకుంటారు. పరీక్షలో 57.6 శాతం అని చెప్పి లెక్క చూపిస్తే మార్కులు, 50 శాతం ఆచరణ సంఖ్య అని జోడిస్తే అవగాహన తెలుస్తుంది. ముక్కలను పది నిమిషాలు ముంచి, నీరు వడిచి, 60 నుంచి 65 డిగ్రీల వద్ద విరిగేంత వరకు ఎండబెట్టాలి.

బ్లాంచింగ్‌తో ఎంజైమ్ పోయాక సల్ఫైట్ ఎందుకు అన్న ప్రశ్న సహజం. ఎండే సమయంలోనూ, నిలవలోనూ చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి మేయార్డ్ చర్య ద్వారా రంగు తెస్తాయి. సల్ఫైట్ అక్కడ పనికొస్తుంది. ఆమ్ల మార్గంలో, పుల్లదనం సమస్య కానిచోట సల్ఫైట్ మానేసి సిట్రిక్ ఆమ్లం వాడే వీలుంది. కానీ అది మేయార్డ్‌ను అంతగా ఆపదు.

ఏ రంగు ఎక్కడి నుంచి

తప్పు జరిగినప్పుడు రంగు వచ్చిన సమయాన్ని, చోటును చూసి కారణం కనుక్కోవచ్చు. కోసిన కొద్దిసేపట్లో ఉపరితలమంతా రంగు మారితే అది ఎంజైమ్ పని. బ్లాంచింగ్ తర్వాత ముక్క మధ్యలోనే గోధుమ రంగు వస్తే మధ్యకు వేడి చేరలేదు. ఉడికించి చల్లార్చిన తర్వాత దుంప తొడిమ వైపు బూడిద నలుపు వస్తే అది ఎంజైమ్ చర్య కాదు. దుంపలోని ఇనుము, క్లోరోజెనిక్ ఆమ్లం కలిసి గాలికి ఆక్సీకరణ చెందడం వల్ల వచ్చే ఉడికిన తర్వాతి నలుపు అది. దానికి ఇంకా వేడి చేయడం పరిష్కారం కాదు, ఇనుమును బంధించే సిట్రిక్ ఆమ్లమో, సోడియం ఆమ్ల పైరోఫాస్ఫేటో కావాలి. నూనెలో వేయించినప్పుడు మాత్రమే చిప్స్ ఎర్రగా, చేదుగా మారితే అది మేయార్డ్ చర్య. 4 డిగ్రీల దగ్గర నిలవ ఉంచిన దుంపల్లో పిండి విరిగి చక్కెరలు పెరగడమే అక్కడ మూలం. ఆ దుంపలకు పీపీఓను ఆపే ఏ పద్ధతీ ఉపయోగపడదు.

ఈ చర్యనే కోరి తెచ్చుకునే చోట్లూ ఉన్నాయి. నల్ల టీ తయారీలో ఆకును నలిపేది కణాలు విరిగి కాటెకిన్లు ఆక్సీకరణ చెందడానికే. వాటి నుంచి వచ్చే థియాఫ్లేవిన్లు టీకి రంగు, చురుకు ఇస్తాయి. గ్రీన్ టీ కోసం ఆకును ముందే వేడి చేసి ఎంజైమ్‌ను చంపుతారు. కొబ్బరి తోటల్లో అంతరపంటగా కోకో పండించే గోదావరి జిల్లాల రైతులు గింజలను పులియబెట్టి ఎండబెట్టేటప్పుడు కూడా ఇదే ఎంజైమ్ ఫినాల్ పదార్థాలను ఆక్సీకరించి వగరు తగ్గిస్తుంది, గోధుమ రంగు తెస్తుంది.

పరీక్షలో జవాబు

ప్రశ్నపత్రంలో ‘ఎంజైమాటిక్ బ్రౌనింగ్, దాని నియంత్రణ’ అని అడిగితే, పది పద్ధతుల పేర్లు వరసగా రాస్తే సగం మార్కులే వస్తాయి. జవాబు ముందుగా నిర్వచనం, తర్వాత కావలసిన మూడు అంశాలు, ఆపై మోనోఫినాల్, డైఫినాల్, క్వినోన్, మెలనిన్ అన్న నాలుగు మెట్ల బొమ్మ ఇవ్వాలి. నియంత్రణను ఆ బొమ్మ మీదే అతికించాలి. ఎంజైమ్‌ను నాశనం చేయడానికి వేడి, అణచడానికి ఆమ్లం, రాగిని బంధించే పదార్థాలు, ఉప్పు, చలి. క్వినోన్‌ను తిప్పికొట్టడానికి ఆస్కార్బిక్ ఆమ్లం, సిస్టీన్. ఎంజైమ్, క్వినోన్ రెండింటిపైనా సల్ఫైట్. ఆక్సిజన్‌ను మినహాయించడానికి నీరు, పాకం, ప్యాకింగ్. ఫినాల్‌ను, ఎంజైమ్‌ను మూలంలో తగ్గించడానికి రకాల ఎంపిక. ప్రతి దానికీ ఒక ఉదాహరణ, ఒక పరిమితి రాస్తే జవాబు నిండుతుంది. అయిదు మార్కులకు ఇవి ఒక్కో వాక్యంలో సరిపోతాయి. పది మార్కులకు బ్లాంచింగ్ పరీక్ష, సల్ఫైట్ లెక్క, టీ వంటి ఒక మేలైన ఉపయోగం జోడించాలి.

తరచుగా కనబడే తప్పులు కొన్ని. మేయార్డ్ చర్యను ఎంజైమ్ చర్యగా రాయడం ఒకటి. మేయార్డ్‌కు ఎంజైమ్ అవసరం లేదు, చక్కెర, అమైనో సమూహం, వేడి చాలు. చలికి ఎంజైమ్ నశిస్తుందనడం రెండోది. ఆస్కార్బిక్ ఆమ్లం ఎంజైమ్‌ను చంపుతుందనడం మూడోది, అది ఖర్చయ్యే దాకానే కాపాడుతుంది. బ్లాంచింగ్ సూచికగా పీపీఓ పేరు రాయడం నాలుగోది, అక్కడ పేరు పెరాక్సిడేజ్. ఈ నాలుగూ సరిచూసుకున్న జవాబులో పద్ధతుల జాబితా చిన్నదైనా, ప్రతి పద్ధతి ఎందుకు పనిచేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో కనబడుతుంది.